శాతాల సగటా? మొత్తాల నిష్పత్తా?

ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద మరకలు పడతాయి. మొదట సుద్దరంగు చారలుగా కనిపిస్తాయి. తీవ్రత పెరిగితే గోధుమరంగు మచ్చలవుతాయి, ఇంకా ముదిరితే పంటి మీద గుంటలు పడతాయి. శాశ్వత పళ్ల పింగాణీ చిగురు కింద తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపు, ఆ బిడ్డ తాగిన నీటి గుర్తు అది. తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా అది చెరిగిపోదు. తెలుగు నేలకు ఈ బాధ కొత్త కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి వైద్య నివేదికల్లో ఒకటి 1937లో షార్ట్, ఆయన సహచరులు రాసినది. అది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించే. ఆ తర్వాత నల్లగొండ పేరు ఈ జబ్బుతో ఎంతగా ముడిపడిపోయిందో చెప్పనక్కర్లేదు.

ఇలాంటి ప్రాంతంలో ఒక ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లల్లో నూటికి ఎంతమంది పళ్ల మీద మరకలున్నాయి? మందులకీ నీటి పథకాలకీ డబ్బు ఎంత కేటాయించాలో ఈ ఒక్క అంకెను బట్టే తేలుతుంది. ప్రతి బిడ్డనూ పగటి వెలుతురులో నిలబెట్టి పళ్లు చూడటం కుదరదు కాబట్టి కొందరినే చూసి అందరి సంగతీ అంచనా వేయాలి. ఆ అంచనా ఎలా వేస్తే సరైనదవుతుందన్నదే ఈ వ్యాసం. అదే పిల్లలు, అవే లెక్కలు చేతిలో ఉన్నా, రెండు రకాలుగా కూడితే రెండు వేర్వేరు జవాబులు వస్తాయి. తప్పు జవాబు చూడ్డానికి సరైనదానికంటే సహజంగా కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఏ మండలానికీ చెందినవి కావు. కొన్ని మండలాల్లో కలిపి ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకున్న ప్రభుత్వ బడులు 80 ఉన్నాయనుకుందాం. పిల్లలందరి పేర్లూ రాసి చీటీలు తీయడం పెద్ద పని. తీసినా 400 మంది పిల్లల కోసం 80 ఊళ్లూ తిరగాల్సి వస్తుంది. దంత వైద్యుణ్ని జీపులో ఒక బడికి తీసుకెళ్లాక, అక్కడున్న పిల్లలందర్నీ చూడటం ఒక పూట పని. అందుకని చీటీలు పిల్లల పేర్ల మీద కాకుండా బడుల పేర్ల మీద తీస్తారు. 80 బడుల్లోంచి 8 బడులు చీటీల్లో వచ్చాయి. ఆ ఎనిమిదింట్లో ఉన్న ప్రతి బిడ్డనూ చూశారు. దీన్నే క్లస్టర్ శాంపిల్ అంటారు, అంటే గుంపులుగా తీసిన నమూనా. ఇక్కడ గుంపు అంటే బడి.

| బడి | చూసిన పిల్లలు | మరకలున్నవారు | శాతం |
|---|---|---|---|
| 1 | 15 | 9 | 60.0 |
| 2 | 20 | 11 | 55.0 |
| 3 | 25 | 6 | 24.0 |
| 4 | 30 | 15 | 50.0 |
| 5 | 40 | 20 | 50.0 |
| 6 | 60 | 27 | 45.0 |
| 7 | 90 | 20 | 22.2 |
| 8 | 120 | 32 | 26.7 |
| మొత్తం | 400 | 140 | |

చివరి నిలువు వరుసలోని ఎనిమిది శాతాలనూ కూడి ఎనిమిదితో భాగిస్తే 41.6 వస్తుంది. అలా కాకుండా మరకలున్న పిల్లలందర్నీ కూడి, చూసిన పిల్లలందర్నీ కూడి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 140/400, అంటే సరిగ్గా 35 శాతం. రెంటికీ మధ్య తేడా ఆరున్నర శాతానికి పైనే ఉంది. ఆ ప్రాంతంలో కొన్ని వేల మంది పిల్లలుంటే ఆ తేడా కొన్ని వందల మంది పిల్లలవుతుంది.

తేడా ఎందుకొచ్చిందో పట్టికలోనే కనిపిస్తోంది. చిన్న బడుల్లో శాతాలు ఎక్కువ, పెద్ద బడుల్లో తక్కువ. ఇది నిజ జీవితంలోనూ ఊహించదగ్గదే. పెద్ద బడి ఉన్న చోటికి నదీజలాల పైపు ముందుగా చేరి ఉండవచ్చు. మారుమూల పల్లె బోరుబావి నీళ్ల మీదే ఎక్కువకాలం ఆధారపడి ఉండవచ్చు. శాతాలను సగటు చేసినప్పుడు 15 మంది ఉన్న మొదటి బడికీ 120 మంది ఉన్న ఎనిమిదో బడికీ ఒకే ఓటు దక్కుతుంది. అంటే చిన్న బడిలోని ఒక్కొక్క బిడ్డకూ పెద్ద బడిలోని బిడ్డ కంటే ఎనిమిది రెట్లు బరువు ఇచ్చినట్టు. మనం అడిగిన ప్రశ్న పిల్లల గురించి కదా, బడుల గురించి కాదు.

ఈ 41.6 పూర్తిగా పనికిరాని అంకె అనను. ‘ఒక సగటు బడిలో పరిస్థితి ఎలా ఉంది?’ అని అడిగితే దానికి జవాబు అదే. ఊరికో శుద్ధజల యంత్రం పెట్టాలనుకునేవాళ్లకు ఆ ప్రశ్న అవసరం కూడా, ఎందుకంటే చిన్న ఊరైనా పెద్ద ఊరైనా యంత్రం ఒకటే. కానీ ‘పిల్లల్లో నూటికి ఎందరు?’ అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. నివేదికల్లో ఈ రెండు ప్రశ్నలూ ఒకదాని స్థానంలో ఒకటి చేరిపోవడమే పెద్ద చిక్కు.

మొత్తాన్ని మొత్తంతో భాగించే రెండో పద్ధతినే సాంఖ్యక శాస్త్రంలో రేషియో ఎస్టిమేటర్ అంటారు, నిష్పత్తి అంచనా అనవచ్చు. బడిలో పిల్లల సంఖ్యను M అనీ, మరకలున్నవారి సంఖ్యను a అనీ అనుకుంటే సూత్రం ఇంతే:

```
p = Σa / ΣM
```

చూడ్డానికి ఇందులో సాంఖ్యక శాస్త్రమేమీ లేనట్టే ఉంటుంది. మామూలు శాతం లెక్కలాగే ఉంది. కానీ మామూలు శాతంలో కింది అంకె ముందే ఖాయమై ఉంటుంది. 400 మందిని చూడాలని నిర్ణయించుకుని, సరిగ్గా 400 మందిని చూస్తాం. ఇక్కడ అలా కాదు. చీటీల్లో ఏ బడులు వస్తాయో తెలియదు కాబట్టి, చివరికి ఎంతమంది పిల్లలు తేలతారో కూడా ముందు తెలియదు. ఇంకో ఎనిమిది చీటీలు వచ్చి ఉంటే 280 మందే ఉండేవారేమో, లేదా 550 మంది. పై అంకె, కింది అంకె రెండూ చీటీల అదృష్టాన్ని బట్టి మారేవే. అందుకే దీన్ని శాతం అనకుండా నిష్పత్తి అంచనా అనాల్సి వస్తుంది. దీని దోషాన్ని లెక్కించే తీరు మామూలు శాతానిదానికి భిన్నంగా ఉండటానికి కారణం కూడా అదే.

కింది అంకె కూడా ఊగిసలాడుతోందంటే అది లోపంలా అనిపిస్తుంది. నిజానికి ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది. 80 బడుల రిజిస్టర్లు తెప్పించి చూస్తే మొత్తం పిల్లలు 4,400 మంది అని తేలిందనుకుందాం, అంటే బడికి సగటున 55 మంది. మన చీటీల్లో వచ్చిన బడులకు సగటు 50 మాత్రమే. అదృష్టవశాత్తూ కొంచెం చిన్న బడులే ఎక్కువ వచ్చాయి. ఇప్పుడు నిష్పత్తి జోలికి పోకుండా, ‘8 బడుల్లో 140 మంది ఉన్నారు కాబట్టి 80 బడుల్లో 1,400 మంది ఉంటారు’ అని నేరుగా పెంచితే, 4,400లో 1,400 అంటే 31.8 శాతం వస్తుంది. చిన్న బడులు వచ్చిన దోషమంతా ఆ 1,400లో అలాగే ఉండిపోయింది. నిష్పత్తి తీసుకుంటే 4,400లో 35 శాతం, అంటే 1,540 మంది. చిన్న బడులు వచ్చినప్పుడు మరకలున్న పిల్లలూ తగ్గుతారు, మొత్తం పిల్లలూ తగ్గుతారు. పెద్ద బడులు వస్తే రెండూ కలిసి పెరుగుతాయి. ఒకదాన్ని రెండోదానితో భాగించినప్పుడు ఆ ఊగిసలాట చాలావరకు కొట్టుకుపోతుంది. ప్రతి బడిలోనూ సరిగ్గా 35 శాతమే ఉండే లోకాన్ని ఊహించుకోండి. అక్కడ ఏ ఎనిమిది చీటీలు తీసినా నిష్పత్తి 35 శాతమే వస్తుంది, దోషం సున్నా. నేరుగా పెంచే పద్ధతి మాత్రం ఆ లోకంలో కూడా బడుల సైజును బట్టి పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది.

దీనికి పాత చరిత్ర ఉంది. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ తన దేశ జనాభాను అంచనా వేయడానికి ఇదే దారి పట్టాడు. జననాల రిజిస్టర్లు దేశమంతటా ఉన్నాయి. ఒక పుట్టుకకు ఎంతమంది జనం ఉంటారో తెలిస్తే చాలనుకున్నాడు. 30 జిల్లాల్లో అక్కడక్కడా ఉన్న ఊళ్లను ఎంచి, అక్కడి జనాన్ని లెక్కపెట్టించాడు. 1802 సెప్టెంబరు 22 నాటికి ఆ ఊళ్లన్నిట్లో కలిపి 20,37,615 మంది ఉన్నారు. ముందు మూడేళ్లలో అక్కడ పుట్టినవాళ్లు 2,15,599 మంది. ఏడాది సగటు జననాలతో జనాభాను భాగిస్తే ఒక్కో పుట్టుకకు 28.35 మంది చొప్పున తేలింది. ఆ నిష్పత్తితో దేశంలోని జననాలను గుణించాడు. ఊరూరి నిష్పత్తులను విడివిడిగా వేసి సగటు చేయకుండా, మొత్తాన్ని మొత్తంతోనే భాగించాడన్నది గమనించాలి. అంతేకాదు, తన అంచనాలో ఎంత దోషం ఉండవచ్చో కూడా లెక్కగట్టాడు. అయితే ఆ లెక్కలో మనుషులను కుండలోంచి ఒక్కొక్కటిగా తీసిన బంతులుగా భావించాడు. నిజానికి ఎంచినవి ఊళ్లు. అవి కూడా చీటీల మీద ఎంచినవి కావు, శ్రద్ధగల మేయర్లున్న ఊళ్లను చూసి ఎంచినవి. ఊరికీ ఊరికీ మధ్య ఉండే తేడా ఆయన దోషం లెక్కలోకి రాలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలా సర్వేల్లో దొర్లే తప్పు సరిగ్గా ఇదే. కాబట్టి దోషాన్ని సరిగ్గా ఎలా లెక్కగట్టాలో కాస్త నిదానంగా చూద్దాం.

ప్రతి బడినీ ఒక ప్రశ్న అడగాలి: ఇక్కడ కూడా 35 శాతమే ఉండి ఉంటే మరకలున్నవారు ఎందరు ఉండాలి, నిజంగా ఎందరున్నారు? మొదటి బడిలో 15 మందికి 35 శాతమంటే 5.25. నిజంగా ఉన్నది 9. తేడా 3.75 ఎక్కువ. ఎనిమిదో బడిలో 120కి 42 ఉండాలి, ఉన్నది 32, తేడా 10 తక్కువ. ఇలా వరసగా చూస్తే ఎనిమిది తేడాలు ఇవి: 3.75, 4, -2.75, 4.5, 6, 6, -11.5, -10. వీటిని కూడితే సున్నా రావాలి, వచ్చింది. రాకపోతే ఎక్కడో కూడికలో తప్పున్నట్టే, కాబట్టి ఇది చేతిలెక్కకు మంచి తనిఖీ.

ఇప్పుడు ఒక్కో తేడాను వర్గం చేసి కూడితే 362 చిల్లర వస్తుంది. బడులు ఎనిమిది కాబట్టి ఒకటి తగ్గించి 7తో భాగిస్తే 51.7. దీన్ని 8తో భాగించాలి, ఎందుకంటే మన దగ్గరున్నవి ఎనిమిది గుంపులు. 80లో 8 చూసేశాం కాబట్టి ఊహించాల్సింది మిగిలిన పదింట తొమ్మిది వంతుల గురించే, అందుకని 0.9తో గుణించాలి. వచ్చిన 5.82కి వర్గమూలం తీస్తే 2.41. ఇది ఒక బడికి ఇంతమంది పిల్లలు అన్న కొలతలో ఉంది. సగటు బడి సైజు 50తో భాగిస్తే 0.048. అంటే మన 35 శాతానికి ప్రామాణిక దోషం 4.8 శాతం.

```
SE = √[ (1 − n/N) × Σ(a − pM)² / (n(n − 1)) ] / M̄
```

ఎనిమిది గుంపులే ఉన్నప్పుడు 95 శాతం నమ్మకం కావాలంటే 1.96తో గుణిస్తే సరిపోదు. t పట్టికలో 7కి ఎదురుగా ఉన్న 2.365తో గుణించాలి. అప్పుడు అటూ ఇటూ 11.4 వస్తుంది. కాబట్టి మన సర్వే నిజాయితీగా చెప్పగలిగేది ఇది: మరకలున్న పిల్లలు సుమారు 35 శాతం, అది 24కూ 46కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

ఇంత వెడల్పా అని నిరాశ కలగవచ్చు. 400 మందిని చూశాం కదా! మామూలు శాతం సూత్రంలో 35నీ, 4,400 మందిలో చూసిన 400నీ వేస్తే ప్రామాణిక దోషం 2.3 శాతమే వస్తుంది, అంచనా 30కీ 40కీ మధ్య ముద్దుగా కూర్చుంటుంది. చాలామంది సర్వే ఫలితాలను కంప్యూటర్‌లో వేసి తీసే జవాబు ఇదే. కానీ అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలన్నది ఆ ఒక్క కుండకే చెల్లుతుంది. అదే కుండలోంచి వంద మెతుకులు తీసినా పక్క పొయ్యి మీది కుండ గురించి ఏమీ తెలియదు. ఒకే ఊరి పిల్లలు చిన్నప్పట్నుంచీ ఒకే బోరు నీళ్లు తాగారు. వాళ్లలో పది మందిని చూశాక పదకొండో బిడ్డ గురించి మనకు చాలావరకు తెలిసిపోయినట్టే. ఆ పదకొండో బిడ్డ మన జ్ఞానానికి జోడించేది తక్కువ. మనం నిజంగా తీసిన చీటీలు 400 కాదు, 8.

ఎంత నష్టం జరిగిందో కొలవడానికి ఒక అంకె ఉంది. సరైన దోషం వర్గాన్ని మామూలు సూత్రం ఇచ్చిన దోషం వర్గంతో భాగిస్తే, మన ఉదాహరణలో నాలుగున్నర వస్తుంది. దీన్ని డిజైన్ ఎఫెక్ట్ అంటారు. 400ను నాలుగున్నరతో భాగిస్తే 88 చిల్లర. అంటే బడుల వారీగా చూసిన ఈ 400 మంది, ప్రాంతమంతటి నుంచీ ఒక్కొక్కరినే చీటీ తీసి చూసిన 88 మందితో సమానం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదికల చివర నమూనా దోషాల పట్టికలుంటాయి. ఎవరూ పెద్దగా తిరగేయని ఆ పేజీల్లో DEFT అనే నిలువు వరుసలో కనిపించేది ఈ అంకెకు వర్గమూలమే. ఆ సర్వేలోని శాతాలు కూడా మొత్తాన్ని మొత్తంతో భాగించి తీసిన నిష్పత్తులే. కాకపోతే అక్కడ ప్రతి మనిషికీ ముందుగా ఒక బరువు కట్టి కూడతారు.

మన తేడాల వరసను ఇంకోసారి చూడండి. ఏడో బడి, ఎనిమిదో బడి రెండూ కలిసి ఆ 362లో 232 తెచ్చాయి. మొత్తం అనిశ్చితిలో దాదాపు మూడింట రెండు వంతులు రెండు పెద్ద బడుల వల్లే వచ్చింది. నిష్పత్తి అంచనాతో పని చేసేటప్పుడు ఇది తప్పక చూసుకోవాలి. ఒక్కో బడినీ పక్కన పెట్టి మిగిలిన ఏడింటితో లెక్క మళ్లీ వేయడం తేలికైన పరీక్ష. ఏడో బడిని తీసేస్తే 120/310, అంటే 38.7 శాతం. ఎనిమిదోదాన్ని తీసేస్తే 38.6. ఆరోదాన్ని తీసేస్తే 33.2. మిగతా ఏ బడిని తీసినా జవాబు 33కూ 36కూ మధ్యే ఉంటుంది. ఒక్క బడి ఉందా లేదా అన్నదాన్ని బట్టి జవాబు మూడున్నర శాతం కదులుతోందంటే, ఆ పెద్ద బడిలో లెక్క తప్పు పడిందేమో మరోసారి చూడాలి. తప్పు లేకపోతే, మన అంచనా ఎక్కువగా దేని మీద ఆనుకుని ఉందో తెలిసినట్టు.

నిష్పత్తి అంచనాకు ఇంకో బలహీనత ఉంది, దాన్ని దాచకూడదు. చీటీలు మళ్లీ మళ్లీ తీస్తూ ప్రతిసారీ నిష్పత్తి వేస్తూ పోతే, ఆ నిష్పత్తుల సగటు అసలు నిజంతో సరిగ్గా కలవదు, కొంచెం పక్కకు జరుగుతుంది. పై అంకె, కింది అంకె రెండూ మారుతున్నప్పుడు ఇది తప్పదు. మన ఉదాహరణలో పెద్ద బడుల్లో శాతం తక్కువ. చీటీల్లో పెద్ద బడులు రాకపోతే కింది అంకె చిన్నదై నిష్పత్తి బాగా పైకి ఎగురుతుంది. పెద్ద బడులు ఎక్కువగా వస్తే నిష్పత్తి దిగుతుంది గానీ అంత దిగదు. అందుకని సగటున అంచనా కాస్త పైకే మొగ్గుతుంది. ఈ మొగ్గును మన పట్టికలోంచే లెక్కగడితే 0.9 శాతం వస్తుంది. 4.8 శాతం దోషం ముందు అది చిన్నదే.

ఈ మొగ్గు గురించి ఎప్పుడు బెంగపడాలో చెప్పే హద్దును హార్ట్లీ, రాస్ అనే ఇద్దరు 1954లో చూపించారు. చీటీలు మారినప్పుడల్లా సగటు బడి సైజు తన విలువలో ఎంత వంతు ఊగుతుందో చూడాలి. మొగ్గు, ప్రామాణిక దోషంలో ఆ వంతును మించదు. మన బడుల సైజులు 15 నుంచి 120 దాకా ఉన్నాయి, చీటీలు ఎనిమిదే. లెక్కవేస్తే ఆ వంతు 0.25 వస్తుంది. అంటే మొగ్గు ఎంత చెడ్డదైనా దోషంలో పావు వంతుకు మించదు. ఇది 0.1 లోపు ఉంటే మొగ్గును మర్చిపోవచ్చని సర్వేలు చేసేవాళ్లు ఒక వాడుక సూత్రంగా పెట్టుకున్నారు. బడుల సంఖ్య పెరిగేకొద్దీ మొగ్గు దోషం కంటే వేగంగా కరిగిపోతుంది. సంఖ్య నాలుగింతలైతే దోషం దాదాపు సగమవుతుంది, మొగ్గు నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇంతవరకు చెప్పినదంతా ఒక షరతు మీద నిలబడి ఉంది. చిన్న బడికీ పెద్ద బడికీ చీటీల్లో సమాన అవకాశం ఉండాలి. అలా లేనప్పుడు కథ తిరగబడుతుంది. కొన్ని సర్వేల్లో పిల్లల సంఖ్యకు తగ్గట్టు బడికి అవకాశం ఇస్తారు. 120 మంది ఉన్న బడికి 15 మంది ఉన్న బడి కంటే ఎనిమిది రెట్లు ఎక్కువ అవకాశం ఉంటుంది. అక్కడ పెద్ద బడికి రావలసిన బరువు చీటీల దగ్గరే వచ్చేసింది. అలాంటి సర్వేలో శాతాల మామూలు సగటే సరైన జవాబు. మళ్లీ మొత్తాలను కూడి భాగిస్తే సైజును రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. పిల్లలకు టీకాలు ఎందరికి అందాయో చూడటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచారంలోకి తెచ్చిన 30 గుంపుల పద్ధతి ఇలాంటిదే. హెండర్సన్, సుందరేశన్ 1982లో దాని అనుభవాలను వివరించారు. జనాభాకు తగ్గట్టు 30 చోట్లు ఎంచి, చోటుకు ఏడుగురు పిల్లలను చూస్తారు. ప్రతి చోటా ఏడుగురే కాబట్టి అక్కడ శాతాల సగటుకూ మొత్తాల నిష్పత్తికీ తేడా ఉండదు. అందుకే ఆ పద్ధతికి అలవాటుపడినవాళ్లు, సమాన అవకాశంతో ఎంచి గుంపులో ఉన్నవాళ్లందర్నీ చూసిన సర్వేలో కూడా శాతాలను సగటు చేసేస్తుంటారు. ఏ నివేదిక చేతికొచ్చినా ముందు వెతకాల్సింది గుంపులను ఎలా ఎంచారన్న వాక్యం. అది లేని నివేదికలో ఏ అంచనా సరైనదో చెప్పే దారే ఉండదు.

క్షేత్రంలో దొర్లే తప్పుల్లో ఎక్కువ భాగం కింది అంకెలో దొర్లుతాయి. ఎనిమిదో బడి రిజిస్టరులో 120 మంది ఉన్నారు, వైద్యుడు వెళ్లిన రోజు పత్తి తీతలకు పోయి 40 మంది రాలేదనుకుందాం. చూసింది 80 మందిని, మరకలు 20 మందికి. పైన 20 వేసి కింద రిజిస్టరు చూసి 120 వేస్తే ఆ బడి శాతం 25 నుంచి 17కి జారిపోతుంది, ఎవరికీ తెలియకుండానే. రానివాళ్లందరినీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లుగా లెక్కేసినట్టు. కింద కూడా 80 వేస్తే ఆ తప్పు పోతుంది గానీ, పెద్ద బడి బరువు మూడో వంతు తగ్గిపోతుంది. మెరుగైన దారి ఏమిటంటే, చూసిన 80లో 25 శాతం ఉంది కాబట్టి 120లో 30 మంది ఉంటారని ఆ బడి వరకు అంచనా వేసి, పైన 30, కింద 120 వేయడం. పెద్ద బడిలో కొందరినే చీటీ తీసి చూసినప్పుడు కూడా ఇదే పద్ధతి. అయితే రానివాళ్లూ వచ్చినవాళ్లూ ఒకే రకం వాళ్లన్న నమ్మకం మీద ఇది ఆధారపడుతుంది. ఫ్లోరోసిస్ విషయంలో ఆ నమ్మకం కొంతవరకు నిలుస్తుంది, ఎందుకంటే పళ్ల మరకల వల్ల ఎవరూ బడి మానరు. రక్తహీనత గురించి సర్వే చేస్తుంటే నిలవదు, ఎందుకంటే నీరసంగా ఉన్న పిల్లే ఇంట్లో ఉండిపోయి ఉండవచ్చు.

ఇంకో సందర్భం. చీటీలో వచ్చిన బడిలో ఆ తరగతుల పిల్లలే లేరని అక్కడికి వెళ్లాక తెలుస్తుంది. అప్పుడు పక్క ఊరి బడికి వెళ్లి లెక్క సరిపెట్టడం తప్పు. ఆ బడి పైన సున్నా, కింద సున్నాతో పట్టికలో ఉండాలి. నిష్పత్తిని అది మార్చదు, కానీ బడుల సంఖ్యలో లెక్కకొస్తుంది. పక్క ఊరి బడిని చేర్చితే, దారి పక్కనే ఉన్న బడులకు ఎక్కువ అవకాశం ఇచ్చినట్టవుతుంది. దారి పక్క ఊళ్లకు పైపు నీళ్లు ముందే వచ్చి ఉండవచ్చు.

24 నుంచి 46 దాకా అన్న వెడల్పుతో ఏ అధికారీ తృప్తి పడడు. ఐదు శాతం అటూ ఇటూ చాలంటే ఎన్ని బడులు కావాలి? మన తేడాలు ఇంతే ఉంటాయనుకుని అదే సూత్రాన్ని వెనక్కి నడిపిస్తే దాదాపు 24 బడులు కావాలని తేలుతుంది. ఉన్న ఎనిమిదింటికి ఇంకో 16 చేర్చాలి. ఇప్పుడు చూసిన బడుల్లోనే ఇంకా ఎక్కువమంది పిల్లలను వెతికి చూస్తే ఏమీ మారదు, ఆ ఎనిమిది ఊళ్ల నీటి సంగతి ఇప్పటికే తెలిసిపోయింది. వైద్యుడి సమయం సరిపోదంటే కొత్త బడుల్లో సగం మంది పిల్లలనే చీటీ తీసి చూసినా నష్టం కొద్దిగానే ఉంటుంది. ఆ 16 బడులను మాత్రం జీపుకు దగ్గరగా ఉన్నాయనో, హెడ్మాస్టరు తెలిసినవారనో ఎంచకూడదు. మిగిలిన 72 పేర్లనూ మళ్లీ డబ్బాలో వేసి కలిపి తీయాలి. అప్పుడే 24 బడులూ ఒకే చీటీల నుంచి వచ్చినట్టవుతుంది, పైన వేసిన సూత్రం ఒక్క అక్షరం మార్చకుండా వాటికీ పనికొస్తుంది.